కస్టడీ నిర్ణయంలో కౌమార వయస్కుల ఇష్టానికి ఇవ్వవలసిన విలువపై తీర్మానం

కుటుంబ న్యాయస్థానాల్లో పనిచేస్తున్న న్యాయవాదులు, కౌన్సెలర్లు, విశ్రాంత న్యాయాధికారుల సర్వసభ్య సమావేశం, 13 ఏళ్లు నిండి 18 ఏళ్లు నిండని పిల్లల కస్టడీ వివాదాలను పరిశీలించి, కింది తీర్మానాన్ని ఆమోదించింది.

గమనించిన అంశాలు

1. ఈ సభ గమనించింది: తన ఇష్టాన్ని ఆలోచించి చెప్పగల వయసు మైనర్‌కు వచ్చి ఉంటే, ఆ ఇష్టాన్ని పరిగణించే అధికారాన్ని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 17(3) సెక్షన్ న్యాయస్థానానికి ఇచ్చింది. ఆ వయసు ఎంతో చట్టం చెప్పలేదు. విడాకుల వంటి దావాల్లో కస్టడీ ఉత్తర్వులు వీలైనంత వరకు పిల్లల ఇష్టానికి అనుగుణంగా ఉండాలని 1955 నాటి హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ చెబుతోంది. మైనర్ సంక్షేమమే పరమ ప్రధానమని 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. మూడింటినీ కలిపి చదివినప్పుడు, పిల్లల ఇష్టం సంక్షేమాన్ని తేల్చే ఆధారాల్లో ఒకటి అవుతుంది. అది సంక్షేమానికి పోటీగా నిలిచే హక్కు కాదు, పక్కన పెట్టదగిన లాంఛనమూ కాదు.

2. ఈ సభ గమనించింది: ఐదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గర ఉండాలన్న 1956 చట్టంలోని నియమం కౌమార వయస్కులకు వర్తించదు. తండ్రి సహజ సంరక్షకుడన్న వాదన ఒక్కటే కస్టడీని తేల్చదు. అందువల్ల 14, 15 ఏళ్ల పిల్లల కేసుల్లో చట్టం ముందుగానే ఏ పక్షానికీ మొగ్గు చూపదు. ఆ ఖాళీలో పిల్లల మాటకు విలువ పెరుగుతుంది. ఆ మాటను తమవైపు తిప్పుకోవాలన్న పెద్దల ఆత్రం కూడా అంతే పెరుగుతుంది.

3. ఈ సభ గమనించింది: ఎనిమిదేళ్ల బాలిక కేసులో 2017లో తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు, ఒకరి దగ్గరే పెరిగిన బిడ్డ మనసు రెండోవారి నుంచి దూరం జరిగే ప్రమాదాన్ని గుర్తించింది. కౌమారంలో ఉన్న పిల్లల కేసులో 2024 మే నెలలో వెలువరించిన తీర్పులో, తండ్రి దగ్గరే ఉంటామని వారు నిలకడగా చెప్పిన మాటకు విలువ ఇచ్చింది. పిల్లల మనసు విరిచారన్న ముద్రను నిర్దిష్టమైన సంఘటనలు చూపకుండా ఏ తల్లి మీదా, ఏ తండ్రి మీదా తొందరపడి వేయరాదని అదే తీర్పులో హెచ్చరించింది. ఈ రెండు తీర్పులకూ పొంతన ఉందని సభ భావిస్తోంది. వయసు, నిలకడ, కారణం అనే మూడింటినీ కలిపి తూచాలన్నదే వాటి సారం.

4. ఈ సభ గమనించింది: కస్టడీ ఉత్తర్వు శాశ్వతం కాదు, పిల్లల అవసరాలను బట్టి మార్చదగినది. తండ్రికి కస్టడీ దక్కిన ఒక కేసులో, సుమారు పన్నెండేళ్ల బాలుడి మానసిక స్థితిపై కొత్త నివేదికలు రాగా, సుప్రీంకోర్టు 2025 జులైలో తన తీర్పునే పునఃసమీక్షించి బాలుణ్ని తల్లి దగ్గర ఉంచింది. బిడ్డ మనసు తెలుసుకోవడం విచారణలో ఒకసారి జరిగి ముగిసే పని కాదని దీనివల్ల స్పష్టమవుతోంది.

విచారం

5. ఈ సభ విచారం వ్యక్తం చేస్తోంది: అనేక కేసుల్లో పిల్లలతో న్యాయమూర్తి ముచ్చటించేది ఒక్కసారే, అదీ కొద్ది నిమిషాలే. బిడ్డను ఆ రోజు ఎవరు తీసుకొచ్చారు, రాత్రి ఎవరి ఇంట్లో పడుకుంది, వరండాలో ఎవరి పక్కన కూర్చుంది అన్నవి రికార్డుకు ఎక్కవు. "అమ్మ కావాలా, నాన్న కావాలా" అన్న ప్రశ్నకు వచ్చిన ఒక్క మాట మాత్రం ఎక్కుతుంది. ఆ ప్రశ్న బిడ్డను తీర్పరిగా నిలబెడుతుంది. జవాబు ఏదైనా, ఓడినవారి ముఖం చూడవలసింది ఆ బిడ్డే.

6. ఈ సభ విచారం వ్యక్తం చేస్తోంది: మధ్యంతర ఉత్తర్వు మీద వాయిదాలు సాగుతుండగా బిడ్డ ఒకే ఇంట్లో ఏళ్ల తరబడి ఉండిపోతోంది. చివరకు ఆ ఇంట్లోనే ఉంటానన్నప్పుడు, ఆ మాటలో మమకారం ఎంతో అలవాటు ఎంతో విడదీయడం కష్టం. ఆలస్యం వల్ల పుట్టిన ఇష్టాన్ని, ఆ ఆలస్యానికి కారకులైన పక్షం తన ఆధారంగా చూపడాన్ని సభ సమ్మతించదు. అయితే అందుకు శిక్షగా బిడ్డను నిలదొక్కుకున్న చోటునుంచి పెకలించడాన్నీ సమ్మతించదు.

తీర్మానాలు

7. ఈ సభ తీర్మానించింది: 13 ఏళ్లు నిండిన పిల్లల కస్టడీని తేల్చే ముందు వారి మాట వినడం తప్పనిసరి ఆచారం కావాలి. వినకపోతే కారణాన్ని ఉత్తర్వులో రాయాలి. మాట్లాడటం ఇష్టం లేదని బిడ్డ చెబితే బలవంతం చేయరాదు. ఆ మౌనాన్ని ఎవరి పక్షానా లెక్క కట్టరాదు.

8. ఈ సభ తీర్మానించింది: వినడం కనీసం రెండుసార్లు, రెండు వేర్వేరు రోజుల్లో, నెల రోజుల్లోపు జరగాలి. ఒకసారి తల్లి, మరొకసారి తండ్రి బిడ్డను తీసుకురావాలి. వీలైతే బడి లేని రోజు ఎంచుకోవాలి. సంభాషణ న్యాయమూర్తి ఛాంబర్‌లో, తల్లిదండ్రులు, వారి న్యాయవాదులు లేకుండా సాగాలి. ప్రశ్నలు దినచర్య నుంచి మొదలుకావాలి: పొద్దున ఎవరు లేపుతారు, జ్వరం వస్తే ఎవరు సెలవు పెడతారు, మార్కులు తగ్గినప్పుడు ముందు ఎవరికి చెబుతావు. ఎవరి దగ్గర ఉంటావన్నది బిడ్డ తనంతట తాను చెబితే వినాలి. నిలదీసి అడగరాదు.

9. ఈ సభ తీర్మానించింది: ఇష్టానికి విలువ కట్టేటప్పుడు మూడు విషయాలు చూడాలి. మొదటిది, కారణం బిడ్డ సొంతమా అన్నది. పిటిషన్‌లోనో అఫిడవిట్‌లోనో ఉన్న మాటలే బిడ్డ నోట వరుస తప్పకుండా వస్తే, భరణం, ఆస్తి వంటి పెద్దల వ్యవహారాలు అందులో దొర్లితే, విలువ తగ్గుతుంది. రెండోది, నిలకడ. తీసుకొచ్చిన మనిషిని బట్టి జవాబు మారితే అది ఇష్టం కాదు, భయమో మొహమాటమో అని అనుమానించాలి. మూడోది, బిడ్డ చెప్పిన కారణం వాస్తవ జీవితంతో సరిపోతుందా అన్నది. బడి హాజరు, వైద్య రికార్డులు, ఉపాధ్యాయుల మాట దానిని బలపరచవచ్చు, కొట్టివేయవచ్చు.

10. ఈ సభ స్పష్టం చేస్తోంది: స్నేహితులు, బడి, ఆటస్థలం కోసం ఒక ఊళ్లో ఉంటాననడం ఆ వయసులో సహజమైన కారణం. దాన్ని చిన్నతనంగా కొట్టివేయరాదు. తల్లి మీదో తండ్రి మీదో కోపం ఉన్నంత మాత్రాన అది నూరిపోసినదని అనుకోరాదు, ఆ కోపానికి జరిగిన సంఘటన ఉండవచ్చు. అయితే ఒకరిలో ఒక్క మంచి కూడా గుర్తులేదని, రెండోవారిలో ఒక్క లోపమూ లేదని బిడ్డ చెప్పినప్పుడు, ఆ మాట వెనక ఎవరున్నారో కౌన్సెలర్ సాయంతో తెలుసుకోవాలి. కుటుంబ న్యాయస్థానాల చట్టం 12వ సెక్షన్ ఇలాంటి నిపుణుల సహాయానికే వీలు కల్పించింది.

11. ఈ సభ తీర్మానించింది: ఇష్టం నిజమైనదైనా కొన్ని సందర్భాల్లో దాన్ని పాటించరాదు. ఆ ఇంట్లో హింస, మద్యపాన వ్యసనం, లైంగిక ప్రమాదం ఉన్నప్పుడు సంక్షేమమే నెగ్గాలి. జబ్బుపడిన తల్లికో తండ్రికో తోడు ఎవరూ లేరన్న దిగులుతో వారినే ఎంచుకున్న బిడ్డ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఆ ఇష్టం సొంతమే, నిలకడైనదే. అయినా పెద్దల భారం మోయడానికి ముందుకొచ్చిన బిడ్డను మెచ్చుకుని ఆ భారాన్ని ఉత్తర్వుతో ఖాయం చేయడం న్యాయం కాదు. ఆ పెద్దకు వేరే ఆసరా ఏమిటో ముందు తేల్చాలి.

12. ఈ సభ తీర్మానించింది: చెప్పినదంతా రహస్యంగా ఉంటుందని బిడ్డకు ఎవరూ మాట ఇవ్వరాదు. కస్టడీ కేసుల్లో కౌన్సెలర్ నివేదికకు మధ్యవర్తిత్వంలోని గోప్యత అడ్డురాదని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. తన మాట న్యాయమూర్తికి చేరుతుందని, నిర్ణయం మాత్రం తనది కాదని, న్యాయస్థానానిదేనని బిడ్డకు ముందే చెప్పాలి. తల్లిదండ్రులను నొప్పించే మాటలను ఉత్తర్వులో యథాతథంగా రాయక, సారాంశంగా నమోదు చేయాలి.

13. ఈ సభ తీర్మానించింది: బిడ్డ ఇష్టాన్ని అంగీకరించినా, తోసిపుచ్చినా, దానికి ఎంత విలువ ఇచ్చారో, ఎందుకు ఇచ్చారో ఉత్తర్వు చెప్పాలి. బిడ్డతో మాట్లాడినట్టు మాత్రమే రాసి ముగించిన ఉత్తర్వును అప్పీలులో పరీక్షించడానికి ఆధారమే ఉండదు.

దృష్టాంతం

14. ఈ సభ పై నియమాల అన్వయానికి కింది ఊహాత్మక సందర్భాన్ని నమోదు చేసింది. 14 ఏళ్ల బాలిక విజయవాడలో తల్లి దగ్గర పదో తరగతి చదువుతోంది. తొమ్మిదేళ్ల తమ్ముడు హైదరాబాద్‌లో తండ్రి దగ్గర ఉన్నాడు. తండ్రి తీసుకొచ్చిన రోజున, అమ్మ ఫోన్ లాక్కుంటుంది కాబట్టి నాన్న దగ్గర ఉంటానంది. తల్లి తీసుకొచ్చిన రోజున ఏదైనా పర్వాలేదంది. ఇక్కడితో ఆగితే నిలకడ లేని, చిన్న కారణంతో పుట్టిన ఇష్టమని తోసిపుచ్చడం తేలిక. సాయంత్రాలు ఎలా గడుస్తాయని కౌన్సెలర్ అడిగినప్పుడు అసలు సంగతి బయటపడింది. తల్లి ఉద్యోగ షిఫ్టు మారడంతో రాత్రి తొమ్మిది దాకా బాలిక ఇంట్లో ఒంటరిగా ఉంటోంది. తమ్ముడితో మాట్లాడేది ఆ ఫోన్‌లోనే. తల్లి షిఫ్టు వేళలను యజమాని ధ్రువపత్రం నిర్ధారించింది.

15. ఈ సభ భావిస్తోంది: ఈ సందర్భంలో బాలిక ఇష్టం తల్లికి వ్యతిరేకం కాదు, ఒంటరితనానికి వ్యతిరేకం. దానికి గట్టి విలువ ఇవ్వాలి. అయితే పరీక్షల ముందు బడి మార్చడం ఆమెకే నష్టం. పదో తరగతి ముగిసేవరకు తల్లి దగ్గర ఉంచి, సాయంత్రాలకు తోడు ఏర్పాటు చేయించి, తమ్ముడితో రోజూ మాట్లాడే వీలు కల్పించాలి. ఇంటర్మీడియట్ ప్రవేశాలకు ముందు బాలికను మళ్లీ విని, ఇష్టం అలాగే ఉంటే తండ్రి దగ్గరకు మార్చాలి. అప్పుడు సెలవుల్లో అక్కాతమ్ముళ్లిద్దరూ తల్లి దగ్గర కలిసి గడిపేలా ఉత్తర్వు ఉండాలి.

అమలు

16. ఈ సభ ఆదేశించింది: కస్టడీ కేసుల్లో హాజరయ్యే సభ్య న్యాయవాదులు, ఛాంబర్‌లో ఏం చెప్పాలో క్లయింటు బిడ్డకు నేర్పరాదు. క్లయింటు నేర్పుతున్నట్టు తెలిస్తే, అది కేసుకే చేటని రాతపూర్వకంగా హెచ్చరించాలి. బిడ్డ చేత అఫిడవిట్‌పైనో ఉత్తరంపైనో సంతకం చేయించి దాఖలు చేసే పద్ధతిని సభ్యులు విడిచిపెట్టాలి.

17. ఈ సభ నమోదు చేసింది: రెండుసార్లు వినాలన్న 8వ అంశం విచారణను మరింత ఆలస్యం చేస్తుందని కొందరు సభ్యులు అసమ్మతి తెలిపారు. రెండు సంభాషణలూ నెల రోజుల్లోపు పూర్తి కావాలన్న సవరణతో ఆ అంశం మెజారిటీతో ఆమోదం పొందింది. మిగిలిన అంశాలన్నీ ఏకగ్రీవంగా ఆమోదం పొందాయి. ఈ తీర్మానం ప్రతులను ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హైకోర్టుల రిజిస్ట్రార్ జనరళ్లకు, రెండు రాష్ట్రాల న్యాయసేవాధికార సంస్థలకు పంపాలని కార్యదర్శిని సభ ఆదేశించింది.