అమ్మబోమన్న మాటే ఆయుధం

ఉత్తర ఐరోపా వర్తక పట్టణాల కూటమి హన్సా గురించి చెప్పేటప్పుడు 1370లో అది డెన్మార్క్ రాజ్యంపై సాధించిన విజయాన్నే చరిత్ర పుస్తకాలు ముందు పెడతాయి. ఆ కూటమి అసలు బలం తెలియాలంటే అంతకు పన్నెండేళ్ల ముందు బ్రూజ్ నగరంతో వచ్చిన తగాదాను చూడాలని మేము భావిస్తున్నాం.

హన్సాకు రాజు లేడు. జీతాలిచ్చి పోషించే సైన్యమూ లేదు. ల్యూబెక్, హాంబర్గ్, కొలోన్ వంటి పట్టణాల ప్రతినిధులు అవసరమైనప్పుడు సమావేశమై నిర్ణయాలు చేసేవారు. తూర్పు నుంచి ధాన్యం, మైనం, బొచ్చుతోళ్లు తెచ్చి ఫ్లాండర్స్ ప్రాంతంలోని బ్రూజ్‌లో అమ్మడం, అక్కడి ఉన్నిబట్టలు కొనుక్కుపోవడం వారి వర్తకుల పని. అయితే బ్రూజ్‌లో సుంకాల విషయంలో, తూనికల విషయంలో గొడవలు ముదిరాయి. యుద్ధకాలంలో దోపిడీకి గురైన సరుకుకు పరిహారమూ రాలేదు.

1358లో ల్యూబెక్‌లో సమావేశమైన పట్టణాలు కత్తి దూయలేదు. ఫ్లాండర్స్‌తో కొనుగోళ్లు, అమ్మకాలు ఆపేశాయి. తమ వర్తక కేంద్రాన్ని బ్రూజ్ నుంచి హాలండ్‌లోని డోర్డ్రెక్ట్‌కు మార్చాయి. ఈ కట్టు తప్పిన పట్టణాన్ని కూటమి నుంచి వెలివేస్తామని ప్రకటించాయి. వెలి పడితే విదేశాల్లో హన్సా సంపాదించిన హక్కులన్నీ ఆ పట్టణానికి పోతాయి. అందుకే ఆ హెచ్చరికకు అంత బరువు.

అంతలో పంటలు సరిగా పండక ఫ్లాండర్స్‌లో తిండిగింజలకు కటకట వచ్చింది. చివరకు 1360లో ఫ్లాండర్స్ దిగివచ్చింది. పాత హక్కులను ఒప్పుకుని, కొత్తవి కలిపి, పరిహారం చెల్లించడానికి అంగీకరించింది. అప్పుడే వర్తకులు బ్రూజ్‌కు తిరిగి వెళ్లారు.

ఈ విజయంలో కరవు పాత్రను తక్కువ చేసి చూడకూడదు. ఎదుటివాడికి మన సరుకు తప్పనిసరి కావాలి, దాన్ని మరొకరు అమ్మకూడదు. ఈ రెండూ ఉంటేనే బహిష్కరణ పనిచేస్తుంది. 1451లో హన్సా మళ్లీ ఫ్లాండర్స్‌పై ఇదే అస్త్రం వేసింది. అప్పటికి హాలండ్ వర్తకులు గట్టి పోటీదారులయ్యారు. హన్సా పట్టణాలూ ఒక్క మాట మీద నిలవలేదు. 1457లో వర్తకులు బ్రూజ్‌కు తిరిగి వెళ్లారుగానీ, ఈసారి ఫ్లాండర్స్‌ను వంచి కాదు.

తర్వాత ఇంగ్లండ్‌తో తగాదా వచ్చినప్పుడు కొలోన్ తన దారి తాను చూసుకుని, లండన్‌లో వ్యాపారం సాగించింది. 1471లో కూటమి దాన్ని వెలివేసింది. అయిదేళ్లకు మళ్లీ చేర్చుకోక తప్పలేదు. పెద్ద పట్టణాన్ని దూరంగా ఉంచితే కూటమికే నష్టం కదా!

హన్సాను దెబ్బతీసింది శత్రువుల ఓడలు మాత్రమే కాదు. లోపలి పట్టణాల లాభాలు వేర్వేరు దారుల్లో పోవడమే దాని ఆయుధాన్ని మొద్దుబార్చిందని మా అభిప్రాయం.