ఖాళీ గడి పక్కన ‘ఆప్షనల్’ అని ఉంటే



ప్లేగ్రూప్, నర్సరీ అడ్మిషన్ల కోసం టీకాల కార్డు జిరాక్స్ ఇచ్చేటప్పుడు మీలో చాలామంది మొదటిసారిగా ఆ కార్డును పూర్తిగా చూస్తారు. ఐటీ కారిడార్‌లో పెరిగే పిల్లల కార్డులు ఒక చేతి రాతతో ఉండవు. కాన్పు పుట్టింట్లో, అంటే గుంటూరులోనో కరీంనగర్‌లోనో. మొదటి రెండు డోసులు అక్కడే. తర్వాత కొండాపూర్‌కో నల్లగండ్లకో వచ్చేస్తారు. ఇల్లు మారారు, పనిమనిషి దొరకలేదు, అమ్మ మళ్లీ ఆఫీసులో చేరింది, మధ్యలో ఆరు నెలలు ఆన్‌సైట్. కార్డులో కొన్ని గడులు ఖాళీగా మిగిలిపోతాయి. ఆ ఖాళీ గడుల్లో కొన్నింటి పక్కన ‘ఆప్షనల్’ అని రాసి ఉంటుంది.

పిల్లల డాక్టరుగా నాకు ఆ మాట మీదే కోపం. ఆ మాట ఉన్న చోట తల్లిదండ్రులు రెండు రకాలుగా చేస్తున్నారు. కొందరు ‘అవసరమైతే ఆప్షనల్ అని ఎందుకు రాస్తారు’ అని వదిలేస్తారు. ఇంకొందరు, పాపం, ఏదీ మిగలకూడదని రెండేళ్ల పిల్లాడిని తీసుకొచ్చి ‘డాక్టర్ గారూ, రోటావైరస్ కూడా మిస్సయింది, వేసేయండి’ అంటారు. రెండూ పొరపాట్లే. రోటావైరస్, టైఫాయిడ్ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ మాట ఎంత తప్పుదారి పట్టిస్తుందో తెలుస్తుంది.

ముందు రోటావైరస్ సంగతి. ఇది అసలు ఆప్షనలే కాదు. మన ప్రభుత్వ పట్టికలో ఆరు, పది, పద్నాలుగు వారాలకు నోట్లో వేసే చుక్కలు ఇవి. 2016లో ఆంధ్రప్రదేశ్‌తో పాటు మరో మూడు రాష్ట్రాల్లో మొదలై, 2019 నాటికి దేశమంతటా వచ్చింది. ఆ చుక్కల్లో ఒకటైన రోటావాక్ మన శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీలోనే తయారవుతుంది. ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో సుమారు 6,800 మంది పసిపిల్లల మీద పరీక్షించినప్పుడు, తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను మొదటి ఏడాదిలో దాదాపు 55 శాతం తగ్గించింది. సగమేనా అనుకోకండి. ఆ సగం సెలైన్ ఎక్కించాల్సిన రకం జబ్బు.

ప్రైవేటు ఆసుపత్రి పాత చార్టుల్లో మాత్రం ఇది ‘ఆప్షనల్’ కాలమ్‌లోనే ఉండిపోయింది. ప్రభుత్వం ఉచితంగా ఇవ్వని రోజుల్లో పెట్టిన పేరు అది. అంటే ఆ మాటకు అర్థం ‘డబ్బు మీరు కట్టుకోవాలి’ అని మాత్రమే. ‘అవసరం లేదు’ అని ఎప్పుడూ కాదు.

కానీ ఈ వ్యాక్సిన్‌కు ఒక గడువు ఉంది. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ లెక్క ప్రకారం మొదటి డోసు పదిహేనో వారం రాకముందే మొదలవ్వాలి, చివరిది ఎనిమిది నెలల లోపు అయిపోవాలి. ప్రభుత్వ కార్యక్రమం కాస్త వెసులుబాటు ఇచ్చి ఏడాది నిండే వరకు అనుమతిస్తుంది. ఏ లెక్కన చూసినా, మొదటి పుట్టినరోజు దాటిన పిల్లలకు ఆ తలుపు మూసుకున్నట్టే.

ఎందుకంటే, చాలా అరుదుగా పేగులో ఒక భాగం పక్క భాగంలోకి చొచ్చుకుపోయి ఇరుక్కుపోవడమనే జబ్బు ఉంది. వ్యాక్సిన్‌తో సంబంధం లేకుండానే అది నాలుగో నెల తర్వాత, ఏడాది లోపు పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. అమెరికాలో రోటాషీల్డ్ అనే మొదటి వ్యాక్సిన్‌ను 1999లో వెనక్కి తీసుకున్నది ఈ కారణంతోనే. ఇప్పటి వ్యాక్సిన్లలో ఆ ప్రమాదం చాలా తక్కువ. అయినా మొదటి డోసును ఆ వయసు రాకముందే వేయాలని నియమం పెట్టుకున్నారు. పైగా రెండేళ్లు వచ్చేసరికి చాలామంది పిల్లలకు రోటావైరస్ ఒకసారైనా సోకి పోయి ఉంటుంది. తీవ్రమైన దశ దాటిపోయాక వ్యాక్సిన్ వల్ల ఒరిగేది పెద్దగా ఉండదు.

కాబట్టి మీ యాప్‌లో రోటావైరస్ గడి ఎర్రగా మెరుస్తూ ‘ఓవర్‌డ్యూ’ అంటుంటే కంగారు పడకండి. యాప్‌కు వయసు నిండడం తెలుసు, తలుపు మూసుకోవడం తెలియదు. ఏడాది దాటిన పిల్లలకు ఎవరైనా రోటావైరస్ చుక్కలు బిల్లులో వేస్తే ‘ఏ వయసు వరకు ఇస్తారండీ’ అని ఒక్క మాట అడగండి. ఆ వయసులో విరేచనాలు పట్టుకుంటే ఇంట్లో ఉండాల్సినవి ఓఆర్ఎస్ ప్యాకెట్లు, పద్నాలుగు రోజుల జింకు.

ఇక టైఫాయిడ్. ఇది పూర్తిగా తిరగబడిన కథ. జాతీయ టీకాల పట్టికలో ఇది లేదు, అందుకే ‘ఆప్షనల్’ గడిలో కూర్చుంది. కానీ తలుపు మాత్రం బార్లా తెరిచే ఉంది. ఆరు నెలలు నిండిన దగ్గర్నుంచి ఎప్పుడైనా ఒకే ఒక్క డోసు వేయవచ్చు. పిల్లాడికి ఇప్పుడు రెండేళ్లా, నాలుగేళ్లా అన్నదానితో పని లేదు.

ఈ కాంజుగేట్ వ్యాక్సిన్, అంటే టీసీవీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం పొందిన మొదటిది, 2013లో మన దేశంలో లైసెన్సు తెచ్చుకున్నది, అదే జీనోమ్ వ్యాలీ నుంచి వచ్చింది. నేపాల్‌లోని లలిత్‌పూర్‌లో తొమ్మిది నెలల నుంచి పదహారేళ్ల లోపు దాదాపు ఇరవై వేల మంది పిల్లల మీద పరీక్షిస్తే, రక్తంలో రుజువైన టైఫాయిడ్‌ను సుమారు 80 శాతం ఆపింది. పాకిస్తాన్ 2019లో తన జాతీయ పట్టికలో చేర్చుకుంది. మన దగ్గర 2018లో నవీ ముంబై కార్పొరేషన్ తన పిల్లలకు వేసింది. ఓఆర్ఆర్ ఎక్కితే గంటలో చేరే చోట తయారైన మందు ఇన్ని ఊళ్లు తిరిగింది, మన గేటెడ్ కమ్యూనిటీలో ఇంకా ‘ఇష్టమైతే’ అనే దగ్గరే ఆగింది.

‘మేం ఇంట్లో ఆర్ఓ నీళ్లే తాగుతాం సార్’ అంటారు. నిజమే. పిల్లాడు ఇంట్లోనే ఉండడు కదా. వేసవిలో మీ అపార్ట్‌మెంట్ సంపులోకి వచ్చే ట్యాంకర్ ఏ బోరుదో మీకు తెలియదు. డేకేర్‌లో పళ్లు కడిగే నీళ్లు, ఫుడ్‌కోర్టు ఐసు, సెలవుల్లో ఊళ్లో బంధువుల పెళ్లి భోజనం, ఇవన్నీ ఆర్ఓ పైపుకు బయటే ఉంటాయి. టైఫాయిడ్ బడికెళ్లే పెద్దపిల్లల జబ్బని ఒకప్పుడు అనుకునేవారు. 1990ల్లో ఢిల్లీలోని కాల్కాజీలో ఇంటింటికీ తిరిగి, జ్వరం వచ్చిన వారికి రక్త పరీక్షలు చేస్తే ఐదేళ్ల లోపు పిల్లల్లోనే ఎక్కువగా బయటపడింది.

ఈ వ్యాక్సిన్ హద్దులు కూడా చెప్పాలి. పారాటైఫాయిడ్‌ను ఇది ఆపదు. వంద శాతం రక్షణ లేదు, కాబట్టి వేసుకున్న పిల్లాడికి నాలుగైదు రోజులు జ్వరం తగ్గకపోతే ‘టీకా వేశాం కదా’ అని ఊరుకోకూడదు. యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే బ్లడ్ కల్చర్ అడగండి. మన దగ్గర విడాల్ టెస్ట్ పాజిటివ్ అని కాగితం చూపించి ‘వాడికి టైఫాయిడ్ వచ్చి పోయింది, ఇక వ్యాక్సిన్ ఎందుకు’ అనేవాళ్లు చాలామంది. విడాల్ ఒక్కసారి పాజిటివ్ వచ్చినంత మాత్రాన టైఫాయిడ్ అని చెప్పలేం. నిజంగానే వచ్చి పోయినా మళ్లీ రావచ్చు. కోలుకున్నాక కనీసం నాలుగు వారాలు ఆగి టీకా వేయించవచ్చు.

కార్డులో ఇంకొక చిక్కు. ‘టైఫాయిడ్’ అని స్టిక్కర్ ఉంటే సరిపోదు. పాత పాలీశాకరైడ్ రకమైతే రెండేళ్ల లోపు పిల్లలకు పనిచేయదు, పెద్దవాళ్లకైనా మూడేళ్లకోసారి మళ్లీ వేయాలి. స్టిక్కర్ మీద ‘కాంజుగేట్’ అనో ‘టీసీవీ’ అనో ఉందా చూసుకోండి.

ఇప్పుడు ఒక కార్డును ముందు పెట్టుకుని చూద్దాం. నాకు తరచూ కనిపించే రకమే. బాబుకు ఇరవై ఆరు నెలలు. పుట్టినప్పటి టీకాలు, ఆరు, పది వారాలవి అమ్మమ్మ గారింట్లో అయ్యాయి. పద్నాలుగో వారం ఖాళీ. తొమ్మిదో నెలలో ఒక మీజిల్స్-రుబెల్లా సూది. ఆ తర్వాత ఏమీ లేదు. ‘మళ్లీ మొదటి నుంచి వేయాలా’ అన్నది తల్లి మొదటి ప్రశ్న. వద్దు. ఎంత ఆలస్యమైనా వేసిన డోసు లెక్కలోకి వస్తుంది, ఆగిన దగ్గర్నుంచే కొనసాగిస్తాం.

మొదటి రోజు మూడు సూదులు: కోరింత దగ్గు, డిఫ్తీరియా, పోలియో వగైరా కలిసిన కాంబినేషన్ మూడో డోసు, ఎంఎంఆర్, ఒక న్యుమోకోకల్. ఒక్క రోజున మూడు ఎందుకని అమ్మమ్మలకు భయం. వేర్వేరు చోట్ల వేస్తే ఒకదానికొకటి అడ్డు రావు. ముందు వీటినే ఎంచుకోవడానికి కారణం, క్లాసులో పక్క పిల్లాడి దగ్గుతో అంటుకునేవి ఇవి. నాలుగు వారాల తర్వాత టీసీవీ, చికెన్‌పాక్స్ మొదటి డోసు. చికెన్‌పాక్స్, ఎంఎంఆర్ రెండూ బతికున్న వైరస్‌తో చేసేవి కాబట్టి అయితే ఒకే రోజు, లేకపోతే నాలుగు వారాల తేడాతో వేయాలి. మధ్యలో రెండు వారాలకు తీసుకురావద్దు. మొదటి రోజు నుంచి ఆరు నెలలకు డీపీటీ బూస్టర్, ఆ విజిట్‌లోనే చికెన్‌పాక్స్ రెండో డోసు. హెపటైటిస్-ఎ వీలు చూసుకుని ఈ మధ్యలో. రోటావైరస్ గడిలో ‘వయసు దాటింది’ అని రాసి సంతకం పెడతాం, మరో డాక్టరు దగ్గర మళ్లీ అదే చర్చ రాకుండా.

డబ్బు చూసుకోవాల్సి వస్తే, డీపీటీ, మీజిల్స్-రుబెల్లా వంటివి పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. బుధ, శనివారాలు టీకాల రోజులు. అవి ప్రైవేటు వాటికంటే తక్కువ రకమేమీ కాదు. అలా మిగిలిన డబ్బును టీసీవీ మీద పెట్టమంటాను నేను, ఫ్లూ కంటే, హెపటైటిస్-ఎ కంటే కూడా ముందు. ఇది నా అభిప్రాయం. ఆస్తమా ఉన్న పిల్లాడి విషయంలో మీ డాక్టరు ఫ్లూకే ముందు ఓటు వేయవచ్చు, అది న్యాయమే.

అమెరికా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలకు ఒక మాట. అక్కడి కార్డు ‘కంప్లీట్’ అని ఉన్నా అందులో బీసీజీ ఉండదు, టైఫాయిడ్ ఉండదు. ఎందుకంటే అది అక్కడి పట్టిక. ఇక్కడి డాక్టరుకు చూపించేటప్పుడు ఈ రెండూ మీరే అడగండి.

స్కూలుకు కూడా ఒక విన్నపం. అడ్మిషన్ ఫారంలో ‘టీకాలు పూర్తయ్యాయా, అవును/కాదు’ అని అడగడం మానేసి, ఎంఎంఆర్, డీపీటీ బూస్టర్, టీసీవీ తేదీలు రాయమని మూడు గడులు పెట్టండి. తేదీ రాయాల్సి వస్తేనే కార్డు బీరువాలోంచి బయటికొస్తుంది.