తొలేళ్ల మర్నాడు డాబా మీద పడక వద్దు

దసరా తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో ఏ ఇల్లు చూసినా చుట్టాలే. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి అల్లుళ్లు, ఆడపడుచులు, పిల్లలు దిగిపోతారు. సోమవారం రాత్రి తొలేళ్లు. ఆ రాత్రి కునుకు తీసేవాళ్లు తక్కువ. మర్నాడు సిరిమాను చూసి వచ్చి, గదులు చాలక మగవాళ్లు చాపలు, దుప్పట్లు పట్టుకుని డాబా ఎక్కుతారు. నా అభ్యంతరం ఆ చివరి పని మీదే. మీ ఇంట్లో నిద్రలో లేచి నడిచే మనిషి ఒక్కరున్నా, ఆ రాత్రి డాబా మీద పడక ఆయనకు పెద్ద ప్రమాదం.

ఒక ఇంట్లో జరిగింది చెబుతాను. అల్లుడికి 36 ఏళ్లు. పైడిభీమవరం వైపు షిఫ్టుల ఉద్యోగం. శని, ఆదివారాలు రాత్రి షిఫ్టు చేసి, సోమవారం మధ్యాహ్నానికి అత్తగారింటికి వచ్చాడు. ఆ రాత్రి తొలేళ్లు. మంగళవారం సాయంత్రం దాకా జనంలో నిలబడ్డాడు. భోజనం ముందు బావమరదులతో కాస్త మందు పుచ్చుకుని పది గంటలకు డాబా మీద పడుకున్నాడు. పదకొండుంపావుకు లేచాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఏదో గొణుగుతూ పిట్టగోడ వైపు నడిచాడు. ఆ గోడ మోకాలి ఎత్తే. ఫోన్ చూసుకుంటూ మెలకువగా ఉన్న బావమరిది వెళ్లి భుజం పట్టుకుని, ‘ఇటు రా బావా, పడుకుందాం’ అని మెల్లగా వెనక్కి తిప్పాడు. పొద్దున్న అల్లుడికి ఏమీ గుర్తు లేదు. అత్తగారు మాత్రం, ‘ఏటో గాలి తగిలినట్టుంది బాబూ, మంత్రం వేయిద్దాం’ అన్నారు.

గాలీ కాదు, ధూళీ కాదు. నిద్ర పట్టిన మొదటి రెండు మూడు గంటల్లో మనకు గాఢనిద్ర ఎక్కువగా ఉంటుంది. ఆ లోతులోంచి మెదడు ఒక్కసారిగా, సగమే పైకి వస్తే, నడిపించే భాగం మేలుకుంటుంది, మంచిచెడ్డలు చూసే భాగం నిద్రలోనే ఉంటుంది. అందుకే మనిషి గడియ తీయగలడు, మెట్లు దిగగలడు. కానీ ముందు గోతిని గోతిగా గుర్తించలేడు. నిద్రలో నడిచేవాళ్లకు దెబ్బలు తగలవని మన పెద్దలు చెప్పే మాట నిజం కాదు.

ఇప్పుడు ఆ అల్లుడి మూడు రోజుల్ని వెనక్కి చదవండి. రెండు రాత్రి షిఫ్టులు, ఒక జాగారం. నిద్ర బాకీ పడితే మెదడు మరుసటి రాత్రి గాఢనిద్రతో తీర్చుకుంటుంది. గాఢనిద్ర ఎంత లోతైతే అందులోంచి సగం మెలకువ వచ్చే వీలు అంత ఎక్కువ. కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు ఇలాంటివాళ్లను కావాలని ఒక రాత్రంతా మేల్కొలిపి ఉంచి, తర్వాత పడుకోబెట్టినప్పుడు నడకలు పెరగడం చూశారు. మిగిలినదల్లా ఒక చిన్న కుదుపు. టపాసు చప్పుడు, నిండిన మూత్రాశయం, కొత్త చోటు, గురకలో ఆగిన ఊపిరి, ఏదైనా చాలు. మందు తానుగా నడిపిస్తుందో లేదో అన్న వాదన వైద్యుల్లో ఉంది. కానీ అది గురకను పెంచుతుంది, మూత్రానికి లేపుతుంది, నిద్రను ముక్కలు చేస్తుంది. పైగా అల్లుడు చిన్నప్పుడూ నడిచేవాడని, వాళ్ల నాన్నకూ ఆ అలవాటుండేదని తర్వాత తెలిసింది. ఇది కుటుంబాల్లో వచ్చేదే.

నిద్రలో మాటలు ఒక్కటే ఉంటే భయపడనక్కర్లేదు. అవి ఏ దశ నిద్రలోనైనా వస్తాయి. ఆ మాటల్ని పట్టుకుని పొద్దున్నే భర్తనో భార్యనో నిలదీయకండి. అవి సాక్ష్యం కావు.

బావమరిది చేసినదే సరైన పని. నడిచేవాళ్లను లేపితే ప్రాణం పోతుందన్నది ఉత్త మాట. అయితే గట్టిగా కుదిపి లేపితే బెదిరిపోయి చెయ్యి విసరవచ్చు. ఎదురుగా నిలబడి అడ్డుకోకుండా, పక్కనుంచి నెమ్మదిగా మాట్లాడుతూ పడక దగ్గరికి మళ్లించండి. కాలికి తాడు కట్టి పడుకోబెట్టకండి, తట్టుకుని పడతారు.

మీరు మార్చాల్సింది మనిషి కంటే ముందు ఇంటిని. పడక కింది అంతస్తులో, నేల మీద పరుపో చాపో. డాబా తలుపుకు తాళం వేసి, తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉంచండి. ఉత్త గడియను వాళ్లు తీసేస్తారు. వీధి తలుపు విషయంలో మాత్రం జాగ్రత్త, మంట లేచినా అందరూ వెంటనే బయటపడేలా తాళంచెవి అదే ఇంట్లో అందుబాటులో ఉండాలి. గది తలుపుకు చిన్న గంట కట్టండి, మోగితే మీకు మెలకువ వస్తుంది. కత్తిపీట బీరువాలోకి, గ్యాస్ రెగ్యులేటర్ ఆఫ్, బండి తాళాలు కంటికి కనబడని చోట. పెరట్లో నుయ్యి ఉంటే పెరటి తలుపుకూ తాళం. టేబుల్ ఫ్యాన్ వైరు నడిచే దారిలో ఉండకూడదు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి? పెద్ద వయసులో మొదటిసారి నడక మొదలైతే వెళ్లండి. దెబ్బ తగిలినా, తరచుగా జరుగుతున్నా వెళ్లండి. గురక మధ్యలో ఊపిరి ఆగుతున్నట్టుంటే తప్పకుండా చెప్పండి, దానికి చికిత్స చేస్తే నడక కూడా తగ్గవచ్చు. నిద్రమాత్ర మొదలుపెట్టాక నడక వస్తే, ఆ మాత్రనే అనుమానించాలి. జోల్పిడెమ్ వంటి మాత్రలు వేసుకున్నవాళ్లు నిద్రలోనే నడిచి, బండి కూడా నడిపి గాయపడ్డారని, ప్రాణాలూ పోయాయని అమెరికా ఔషధ సంస్థ 2019లో మందు సమాచార పత్రంలో అత్యంత కఠినమైన హెచ్చరిక ముద్రించమంది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్ర కాదది. అలాగే ఒకే రకం కదలిక రాత్రికి చాలాసార్లు వస్తే అది మూర్ఛ కావచ్చు.

యాభై దాటిన పెద్దాయన తెల్లవారుజామున కలలో ఎవరితోనో పోట్లాడుతూ చేతులు విసిరి, లేపగానే ఆ కలను పూసగుచ్చినట్టు చెబితే అది వేరే జబ్బు. కొందరిలో ఏళ్ల తర్వాత వచ్చే పార్కిన్సన్‌కు అది ముందస్తు గుర్తు. నరాల డాక్టరుకు చూపించాలి. వెళ్లేటప్పుడు ఏ గంటకు లేచారో, ఎంతసేపో, పొద్దున గుర్తుందో లేదో రాసుకుని, వీలైతే ఫోన్‌లో వీడియో తీసుకెళ్లండి. మీరు గంటసేపు చెప్పే మాటల కంటే అది ఎక్కువ చెబుతుంది.

ఆ అల్లుడు మరుసటి ఏడూ సిరిమాను చూడడానికి వచ్చాడు. ఈసారి ముందు రెండు రాత్రులకు షిఫ్టు మార్పించుకున్నాడు. తొలేళ్లు చూసి తెల్లవారుజామున వచ్చి, మధ్యాహ్నం దాకా నిద్రపోయాడు. మందు ముట్టలేదు. రాత్రి హాల్లో నేల మీద పడుకున్నాడు. డాబా తాళంచెవి అత్తగారి కొంగున ఉంది.