సాగదీస్తే కండరాల నొప్పులు రావా?

పోలీసు ఉద్యోగ పరుగు పరీక్షకు సిద్ధపడే ఒక యువకుడు శనివారం ఉదయం యారాడ కొండ ఎక్కి, పరుగున దిగాడనుకుందాం. ఆ పూట బాగానే ఉంటాడు. ఆదివారం తొడలు పట్టేస్తాయి. సోమవారానికి మెట్లు దిగడమే కష్టమవుతుంది. "ముందు ఒళ్లు సాగదీయలేదు, అందుకే" అంటారు ఇంట్లోవారు. ఈ మాటతో మేము ఏకీభవించము.

లాక్టిక్ ఆమ్లం పేరుకోవడమూ దీనికి కారణం కాదు. అది సుమారు గంటలోనే తగ్గిపోతుంది. దిగేటప్పుడు తొడ కండరం శరీర బరువుకు బ్రేకు వేస్తూనే సాగుతుంది. అలవాటు లేని ఈ శ్రమకు కండర పోగులు సూక్ష్మంగా దెబ్బతింటాయి. ఆ తర్వాత మెల్లగా వచ్చే వాపు, నరాల కొసల సున్నితత్వం వల్ల నొప్పి ఒకటి రెండు రోజులకు ముదిరి, వారంలోపు తగ్గుతుంది.

వ్యాయామానికి ముందో తర్వాతో సాగదీసినవారిపై జరిగిన పరిశోధనలన్నిటినీ కాక్రేన్ సంస్థ 2011లో సమీక్షించింది. మర్నాటి నొప్పిలో తేడా 100 పాయింట్లకు ఒకటి మాత్రమే! సాగదీయడం తప్పని మేమనము, కానీ ఈ నొప్పికి అది మందు కాదు.

మా సలహా: మొదటిరోజు కొంత దూరమే దిగండి. నొప్పి తగ్గాక కొంచెం పెంచండి. ఒక్కసారి తేలికగా దిగినా కొన్ని వారాలపాటు కండరానికి రక్షణ ఉంటుంది.

పరుగు మధ్యలోనే చురుక్కుమంటే అది వేరే గాయం. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే మాత్రం అదేరోజు ఆసుపత్రికి రండి.