లాక్-ఇన్ చాటున దాగే అప్పు

ఆఫీసులకు భవనాలు లీజుకు తీసుకునే కంపెనీల ఫైనాన్స్ విభాగాల్లో ఒక మాట స్థిరపడిపోయింది. అద్దె అద్దే, అప్పు అప్పే. 2019 ఏప్రిల్ 1 నుంచి ఇండ్-ఏఎస్ 116 అమల్లోకి వచ్చి అద్దెను అప్పుగా చూపమంటోంది కాబట్టి చూపుతున్నారట, అంతే తప్ప అందులో నిజం లేదట. ఆ మాటకు తోకలా ఇంకొకటి ఉంది. ఎలాగూ ఉత్తుత్తి అప్పే కనుక, ఒప్పందంలో లాక్-ఇన్ ఎన్నేళ్లుంటే అన్నేళ్లకే లెక్క కట్టి చేతులు దులుపుకోవడం. మొదటి మాట తప్పు. రెండోది దానికన్నా హానికరం, ఎందుకంటే అది బ్యాలెన్స్ షీటులోని అంకెనే మార్చేస్తుంది.

మొదటి వాదన వినడానికి బాగానే ఉంటుంది. భవనం యజమానిది, అద్దెకున్న కంపెనీ దాన్ని అమ్ముకోలేదు, తాకట్టు పెట్టుకోలేదు. రేపటి నెల వాడకానికి రేపు కట్టే డబ్బు ఇవాళ్టి అప్పెలా అవుతుంది? అలాగైతే ఉద్యోగులకు వచ్చే ఏడాది ఇవ్వాల్సిన జీతాలు కూడా అప్పు కింద రాయాలి కదా అని అడుగుతారు. జీతంతో పోలికే ఇక్కడ పొరపాటు. ఉద్యోగి వచ్చే నెల పని ఇంకా చేయలేదు, కాబట్టి కంపెనీ బాకీ ఇంకా పుట్టలేదు. భవనం యజమాని సంగతి వేరు. తాళాలు చేతికిచ్చిన రోజుతోనే అతని వైపు నుంచి జరగాల్సిన ముఖ్యమైన పని అయిపోయింది. ఆ అంతస్తు ఎవరు వాడాలో, ఎలా వాడాలో నిర్ణయించే హక్కు కంపెనీకి వచ్చేసింది. ఉద్యోగులంతా ఇంటి నుంచే పనిచేసి అంతస్తు ఖాళీగా పడి ఉన్నా, లాక్-ఇన్ ముగిసేదాకా అద్దె కట్టక తప్పదు. తప్పించుకోలేని చెల్లింపును బాకీ అనే అంటారు. ప్రమాణం కూడా ఈ గీత దగ్గరే ఆగుతుంది. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ వంటి మెయింటెనెన్స్ చార్జీలు ఎప్పటికప్పుడు అందే సేవలు కాబట్టి, వాటిని విడదీసి అప్పు బయట ఉంచే వీలు కల్పించింది.

ఇది పుస్తకాల పండితులు కొత్తగా కనిపెట్టిన అప్పు కూడా కాదు. అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 2005లోనే లెక్కగట్టి, బ్యాలెన్స్ షీట్ బయట ఉండిపోయిన లీజు చెల్లింపులు దాదాపు 1.25 లక్షల కోట్ల డాలర్లని చెప్పింది. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాల బోర్డుకు అప్పట్లో అధ్యక్షుడిగా ఉన్న డేవిడ్ ట్వీడీ, చనిపోయేలోగా ఏదైనా ఎయిర్‌లైన్ బ్యాలెన్స్ షీటులో కనిపించే విమానం ఒక్కటి ఎక్కాలని ఉందంటూ చమత్కరించేవారు. అప్పులిచ్చేవాళ్లు మాత్రం ఏనాడూ మోసపోలేదు. ఏడాది అద్దెను ఎనిమిదితో హెచ్చించి అప్పులో కలుపుకోవడం విశ్లేషకుల్లో పాత అలవాటు. మూడేళ్ల లీజైనా పదిహేనేళ్ల లీజైనా అదే ఎనిమిది. ఆ మొరటు లెక్క స్థానంలో ఒప్పందాన్ని బట్టి లెక్క వచ్చింది. 2016లో వెలువడిన ఐఎఫ్ఆర్ఎస్ 16 చేసింది ఇదే. దానికి మన దేశపు రూపమే ఇండ్-ఏఎస్ 116.

అద్దె అప్పు కాదనేవాళ్లు ఒక్కసారి వీవర్క్ కథ చూడాలి. ఆ కంపెనీ వ్యాపారమంతా ఆఫీసు లీజుల మీదే. భవనాలను దీర్ఘకాలానికి తీసుకుని, బల్లలూ గదులూ కొద్దికాలానికి తిరిగి అద్దెకిచ్చేది. 2019లో షేర్లు అమ్మడానికి దాఖలు చేసిన పత్రాల్లో, ముందు ముందు కట్టాల్సిన లీజు మొత్తం దాదాపు 4,700 కోట్ల డాలర్లని చూపింది. అటువైపు తన కస్టమర్లు ఖాయంగా కట్టాల్సింది దాదాపు 400 కోట్ల డాలర్లే. 2023 నవంబరులో దివాలా కోర్టుకు వెళ్లింది. మోయలేని లీజులను వదిలించుకోవడానికీ, మిగిలినవాటిలో అద్దె తగ్గించుకోవడానికీ ఆ కోర్టే దారైంది. నెలనెలా వచ్చే ఖర్చే అయితే నోటీసిచ్చి ఆపేస్తే సరిపోయేది. కోర్టు గడప తొక్కితే గానీ వదలని చెల్లింపుకు అప్పని పేరు పెట్టడానికి ఇంకా వెనకాడటం దేనికి?

ఇక రెండో మాట. మన నగరాల్లో ఆఫీసు లీజు సాధారణంగా ఒక అచ్చులో ఉంటుంది. గడువు 9 ఏళ్లు. మొదటి 3 ఏళ్లు లాక్-ఇన్. ఆ తర్వాత కంపెనీ కొన్ని నెలల నోటీసుతో ఖాళీ చేయొచ్చు, యజమాని మాత్రం ఖాళీ చేయించలేడు. మూడేళ్లకోసారి అద్దె 15 శాతం పెరుగుతుంది. మాదాపూర్‌లో ఒక అంతస్తు తీసుకున్న కంపెనీని ఊహించుకుందాం. నెలకు అద్దె 10 లక్షలు, అంటే ఏడాదికి 1.20 కోట్లు. నాలుగో ఏట 1.38 కోట్లు, ఏడో ఏట సుమారు 1.59 కోట్లు. ఇంత సొమ్మును ఇలాంటి కాలానికి బ్యాంకు నుంచి తెస్తే ఆ కంపెనీకి పడే వడ్డీ 10 శాతం అనుకుందాం. లెక్క తేలికగా ఉండటానికి అద్దె ఏడాది చివర ఒకేసారి కడుతున్నట్టు, డిపాజిట్‌ను పక్కన పెట్టినట్టు భావిద్దాం.

తొమ్మిదేళ్లలో కట్టేది మొత్తం దాదాపు 12.50 కోట్లు. 10 శాతం చొప్పున నేటి విలువకు తెస్తే అది 7.79 కోట్లవుతుంది. మొదటి రోజు చిట్టాలో ఒక వైపు వినియోగ హక్కు ఆస్తి 7.79 కోట్లు, మరో వైపు లీజు బాధ్యత 7.79 కోట్లు. ఏడాది గడిచేసరికి బాధ్యత మీద వడ్డీ 78 లక్షలు చేరుతుంది, 1.20 కోట్ల అద్దె కట్టాక 7.37 కోట్లు మిగులుతుంది. ఆస్తి మాత్రం 9 ఏళ్లకూ సమానంగా తరుగుతుంది, ఏటా 87 లక్షలు. ఈ రెండూ కలిపి మొదటి ఏడాది లాభనష్టాల్లో పడే భారం దాదాపు 1.64 కోట్లు.

అదే లాక్-ఇన్ మూడేళ్లకే లెక్క కడితే బాధ్యత 2.98 కోట్లు. అంటే 4.81 కోట్ల అప్పు మాయం. మొదటి ఏడాది భారం కూడా 1.29 కోట్లకు దిగుతుంది. భవనం మారలేదు, సంతకం మారలేదు, అద్దె మారలేదు.

అయితే ప్రమాణం లాక్-ఇన్ దగ్గర ఆగమని ఎక్కడా చెప్పలేదు. రద్దు చేసుకోలేని కాలానికి తోడు, రద్దు చేసుకునే వీలున్నా కంపెనీ ఆ వీలును వాడుకోదని సహేతుకమైన నిశ్చయం ఉన్న కాలాన్ని కూడా కలపమంటుంది. ఆ నిశ్చయం ఎక్కడి నుంచి వస్తుందో కూడా చెప్పింది: లోపల పెట్టిన ఖర్చు, మారడానికయ్యే ఖర్చు, ఆ చోటు వ్యాపారానికి ఎంత కీలకం అన్నవాటి నుంచి. 2019 నవంబరులో ఐఎఫ్ఆర్ఎస్ వ్యాఖ్యాన కమిటీ ఇంకో అడుగు ముందుకు వేసింది. ఖాళీ చేస్తే జరిగే నష్టమంటే ఒప్పందంలో రాసిన జరిమానా ఒక్కటే కాదు, వదిలేసి పోవాల్సిన ఇంటీరియర్స్ కూడా నష్టమే అంది.

దొంగ దొరికేది ఇక్కడే. పై కంపెనీ ఆ అంతస్తులో ఫాల్స్ సీలింగ్, ఏసీ డక్టులు, కేబుళ్లు, గాజు పార్టిషన్లకు 4 కోట్లు పెట్టిందనుకుందాం. ఊడదీసి తీసుకుపోయే సరుకు కాదిది. లీజు మూడేళ్లే అని నిజంగా నమ్మే కంపెనీ ఈ 4 కోట్లను కూడా మూడేళ్లలోనే తరగదీయాలి, ఏటా 1.33 కోట్లు. చేసేదేమిటి? ఫిటౌట్‌కు వచ్చేసరికి ఆయుష్షు 9 ఏళ్లు వేసి, ఏటా 44 లక్షలతో సరిపెడుతుంది. అప్పు రాసేటప్పుడు మూడేళ్లలో వెళ్లిపోయే అతిథి, ఖర్చు రాసేటప్పుడు తొమ్మిదేళ్లు ఉండే కాపురస్థుడు!

రెంటినీ కలిపి చూస్తే మొదటి ఏడాది భారం మూడు రకాలుగా తేలుతుంది. రెండూ తొమ్మిదేళ్లకు రాస్తే 2.09 కోట్లు. రెండూ మూడేళ్లకు రాస్తే 2.63 కోట్లు. అప్పుకు మూడు, ఫిటౌట్‌కు తొమ్మిది అని రాస్తే 1.74 కోట్లు. నిజాయితీగా ఎటు నిలబడినా ఈ మూడో అంకె రాదు.

మూడేళ్లే సరైన సందర్భాలు లేవని కాదు. కుర్చీలూ బల్లలతో సహా యజమానే సిద్ధం చేసి ఇచ్చిన చోటు, కంపెనీ సొంత ఖర్చు నామమాత్రం, పక్క వీధిలో అలాంటివే పది దొరుకుతాయి అన్నప్పుడు లాక్-ఇన్‌తో ఆగడం సబబే. కోవర్కింగ్‌లో ఇవాళ ఈ మూల, రేపు ఆ మూల అని నిర్వాహకుడే తన లాభం కోసం చోటు మార్చగలిగితే అది అసలు లీజే కాకపోవచ్చు. తేల్చాల్సింది ఆ కంపెనీ పరిస్థితిని చూసి. ఒప్పందంలోంచి ఒక అంకె పీకి ఎక్సెల్‌లో పడేస్తే తేలదు.

అప్పును ఉత్తుత్తిదనేవాళ్లే దాని వల్ల వచ్చిన లాభాన్ని మాత్రం అసలైనదిగా చూపుకోవడం మరో విడ్డూరం. పాత పద్ధతిలో 1.20 కోట్ల అద్దె ఎబిటాకు ముందే ఖర్చుగా పోయేది. ఇప్పుడది తరుగుదల, వడ్డీలుగా మారి ఎబిటా కిందికి జారింది. పైసా అదనపు సంపాదన లేకుండా ఎబిటా పెరిగింది. నగదు ప్రవాహ పట్టికలోనూ ఇదే వరస. అద్దె చెల్లింపు నిర్వహణ కార్యకలాపాల పద్దు నుంచి ఫైనాన్సింగ్ పద్దుకు మారడంతో వ్యాపారం ఎక్కువ నగదు తెస్తున్నట్టు కనిపిస్తుంది. అమెరికా ప్రమాణం ఏఎస్‌సీ 842లో ఇలాంటి ఆఫీసు లీజు ఖర్చు ఒకే గీతలో అద్దెలాగే ఉండిపోతుంది, ఎబిటా పెరగదు. అమెరికా మాతృసంస్థ హైదరాబాద్‌లో పెట్టిన అనుబంధ కంపెనీ ఇండ్-ఏఎస్ పాటిస్తుంటే, ఒకే అంతస్తుకు ఇక్కడ ఒక ఎబిటా, అక్కడ ఇంకొక ఎబిటా. అద్దె అప్పు కాదనుకునే ఫైనాన్స్ అధికారి, పెరిగిన ఎబిటాను ఇన్వెస్టర్లకు చూపేటప్పుడు ఆ అద్దెను ముందు తీసేసి చూపాలి. రెండు పక్కలా తినడం కుదరదు.

వార్షిక నివేదిక చేతిలో ఉన్న షేర్‌హోల్డరు గానీ బ్యాంకు అధికారి గానీ దీన్ని పట్టుకోవడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. లీజు బాధ్యతలు ఎప్పటికి ఎంత కట్టాలో చూపే పట్టిక నోట్స్‌లో ఉంటుంది. స్థిరాస్తుల విధానంలో లీజు భవనాల ఇంటీరియర్స్‌కు వేసిన ఆయుష్షు ఉంటుంది. పట్టిక మూడేళ్లతో అయిపోయి, ఇంటీరియర్స్ తొమ్మిదేళ్లు బతుకుతుంటే, వాటాదారుల సమావేశంలో ఆడిటరును ఒక్క ప్రశ్న అడగండి: ఈ రెండింటిలో ఏ గడువును మీరు నమ్మి సంతకం పెట్టారు?