వెయిట్‌లిస్ట్‌లో పేరు, చేతిలో ఆఫర్: డిపాజిట్ కట్టాలా, ఆగాలా?

బ్రిటన్‌లో ఎంఎస్‌కి అప్లై చేసిన పిల్లల ఇళ్లల్లో ఇప్పుడు ఒకటే చర్చ. ఒక యూనివర్సిటీ కండిషనల్ ఆఫర్ ఇచ్చింది, డిపాజిట్‌కి గడువు పెట్టింది. మనసుపడ్డ యూనివర్సిటీ మాత్రం వెయిట్‌లిస్ట్‌లో ఉంచింది. ఏం చేయాలి?

ముందుగా ఒక సంగతి. కండిషనల్ ఆఫర్ అంటే సీటు ఖాయమైనట్టు కాదు. డిగ్రీ ప్రొవిజనల్, మార్కుల మెమోలు, ఇంగ్లిష్ స్కోరు చూపించి షరతులు తీర్చాలి, డిపాజిట్ కట్టాలి. ఆ తర్వాతే యూనివర్సిటీ క్యాస్ ఇస్తుంది. వీసాకి పనికొచ్చేది ఆ క్యాస్ నంబరే. అది ఇచ్చిన రోజు నుంచి ఆరు నెలల్లోపు వీసాకి అప్లై చేయాలి.

ఒక లెక్క చూద్దాం. లండన్ బయట ఒక కోర్సు, ఫీజు 16,000 పౌండ్లు, డిపాజిట్ 4,000 అనుకుందాం. మిగిలిన ఫీజు 12,000. 2025 నవంబర్ 11 నుంచి లండన్ బయట ఖర్చులకి నెలకు 1,171 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలలకి 10,539 చూపాలి. మొత్తం 22,539 పౌండ్లు. కట్టిన డిపాజిట్ క్యాస్‌లో నమోదైతే, లేదా యూనివర్సిటీ ఇచ్చిన రసీదు చూపితే ఈ తగ్గింపు దొరుకుతుంది.

ఈ డబ్బు వరుసగా 28 రోజులు అకౌంట్‌లో ఉండాలి. ఒక్కరోజు తగ్గినా వీసా రిజెక్ట్ కావచ్చు. బంగారం, ప్లాటు కాగితాలు లెక్కలోకి రావు. వడ్డీ లోన్ వద్దనుకుని నగలు, ప్లాటు అమ్మే కుటుంబాలకి ఇక్కడే చిక్కు: అమ్మకం ఆలస్యమైతే 28 రోజుల లెక్కా వెనక్కి పోతుంది. తల్లిదండ్రుల అకౌంట్ అయితే బర్త్ సర్టిఫికెట్, అంగీకార పత్రం కూడా జతచేయాలి.

అందుకే వెయిట్‌లిస్ట్‌లో ఉన్నా డబ్బు ముందే అకౌంట్‌లో వేసి ఉంచండి. 28 రోజులకి క్యాస్ అక్కర్లేదు. ఇక చేతిలో ఉన్న ఆఫర్‌కి డిపాజిట్ గడువు పెంచమని మెయిల్ రాయండి. కొన్నిచోట్ల ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే రీఫండ్ రూల్స్ చదివాకే కట్టండి. వీసా రాకపోతే చాలాచోట్ల డిపాజిట్ తిరిగిస్తారు, మనసు మార్చుకుంటే మాత్రం చాలాచోట్ల ఇవ్వరు. ఏజెంట్ నోటిమాట కాదు, ఆ రూల్ కాగితం మీద చూసుకోవాలి.

చివరిగా మీకు మీరే ఒక తేదీ పెట్టుకోండి. కోర్సు సెప్టెంబర్ మూడో వారంలో మొదలైతే, వీసాకి మామూలుగా మూడు వారాలు, క్యాస్‌కి వారం పది రోజులు వేసుకుని, జూలై నెలాఖరు దాటాక వెయిట్‌లిస్ట్ సీటు కోసం చూడకపోవడమే మేలు. ఒక యూనివర్సిటీ క్యాస్‌తో వీసా వచ్చాక ఇంకో యూనివర్సిటీకి మారాలంటే కొత్త క్యాస్‌తో మళ్లీ వీసా అప్లికేషన్, మళ్లీ ఫీజు.