దీపం బరువు కిలోన్నర... బిల్లు పదమూడున్నర కిలోలకు!

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట పేరు వినగానే తోలుబొమ్మలు గుర్తొస్తాయి. ఒకప్పుడు రామాయణ, భారత కథలు ఆడించడానికి చేసిన ఆ బొమ్మల పనే ఇప్పుడు ఎక్కువగా లాంప్‌షేడ్ల రూపంలో ఇళ్లలోకి వస్తోంది. శుభ్రం చేసి ఆరబెట్టిన మేక తోలు మీద బొమ్మ గీసి, చిన్న చిన్న ఉలులతో రంధ్రాలు కొట్టి, రంగులద్ది, ఇనప చువ్వల చట్రానికి బిగిస్తారు. లోపల దీపం వెలిగిస్తే తోలు గాజులా మెరుస్తుంది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. అనంతపురం జిల్లాలో ఉన్న ఈ ఊరు 2022 ఏప్రిల్ నుంచి శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చింది.

వానలు నమ్ముకోలేని ఈ నేల మీద ఇలాంటి పని చేసే ఇంటికి విదేశీ ఆర్డరు వస్తే పండగే. అయితే ఉత్తరం చివర్లో ఒక చిన్న మాట ఉంటుంది: 'మా గుమ్మం దాకా చేర్చే ధర చెప్పండి'. అంటే ప్యాకింగూ, రవాణా ఖర్చూ అమ్మేవాడివే. ధర చెప్పడంలో తప్పు జరిగేది సరిగ్గా ఇక్కడే.

బరువు కాదు, చోటు!

ఒక లెక్క వేసి చూద్దాం. నాలుగు పలకల లాంప్‌షేడ్. అడుగు 25 సెంటీమీటర్లు, వెడల్పు 25, ఎత్తు 45. తయారీ ఖర్చు తోలు, రంగు, చట్రం, కూలి అన్నీ కలిపి 1,150 రూపాయలనీ, లాభం 250 అనీ అనుకుందాం. అంటే ఇంటి దగ్గర ధర 1,400. ఆర్డరు వంద దీపాలకు. కొరియరు వాళ్లు కిలోకు 250 రూపాయలన్నారనుకుందాం. ఈ రూపాయల అంకెలు లెక్క అర్థం కావడానికే. మీ ఖర్చులు, మీ ఊరి రేట్లు వేసుకుని ఇదే వరుసలో మళ్లీ చేసుకోవాలి.

దీపాన్ని తక్కెడలో పెడితే పెట్టెతో సహా కిలోన్నర. కిలోన్నరకు 375 రూపాయలు, ప్యాకింగుకు 75. మొత్తం 1,850 అని రాసి పంపేస్తారు చాలామంది. సరుకు బుక్ చేసే రోజున కొరియరు ఆఫీసులో తక్కెడతో పాటు టేపు కూడా తీస్తారు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ హెచ్చవేసి, 5,000తో భాగిస్తారు. వచ్చినది 'వాల్యూమెట్రిక్' బరువు. అసలు బరువు, ఈ బరువు... రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే బిల్లు. అంతర్జాతీయ కొరియరు సంస్థలు ఎక్కువగా పాటించే పద్ధతి ఇదే. విమాన కార్గోలో సాధారణంగా 6,000తో భాగిస్తారు. విమానంలో చోటు తక్కువ కాబట్టి దూదిమూట కూడా ఇనుములాగే ఖరీదు పలుకుతుంది.

మన దీపం తోలు ఒత్తిడికి సొట్ట పోకుండా చుట్టూ ఐదేసి సెంటీమీటర్ల మెత్తటి ప్యాకింగ్ పెడితే పెట్టె 35, 35, 55 అవుతుంది. హెచ్చవేస్తే 67,375. ఐదు వేలతో భాగిస్తే దాదాపు 13.5 కిలోలు. కిలోకు 250 చొప్పున 3,375 రూపాయలు! అనుకున్నది 375. ఒక్కో దీపం మీద మూడు వేల తేడా, వంద దీపాలకు మూడు లక్షలు. వంద దీపాల ఇంటి ధర మొత్తం కలిపినా లక్షా నలభై వేలే. ధర ఒప్పుకుని సంతకం చేశాక ఇక చేసేదేముంది? అప్పు చేసి సరుకు పంపాలి, లేదంటే ఆర్డరు వదులుకోవాలి.

అందుకే వరుస తిరగెయ్యాలి. ముందు పెట్టె, తర్వాత ధర. ఒక్క దీపం పూర్తిగా చేసి, పంపేటప్పుడు ఎలా కడతారో అలాగే కట్టి, కొలిచి, తూచి, ఆ రెండు అంకెలూ చెప్పి రేటు తెచ్చుకున్నాకే కొనుగోలుదారుకి రాయాలి.

ఒక దీపం చోటులో పది

ఆ పెట్టెలో ఉన్నది చాలావరకు గాలే. గాలికి కిరాయి ఎందుకు కట్టాలి? చట్రాన్ని ఒకే ముక్కగా అతికించకుండా, పైన ఒక చదరం, కింద ఒక చదరం, మధ్య నాలుగు చువ్వలు మరలతో బిగించేలా చేయించండి. తోలు పలకల్ని విడిగా, అంచుల్లో రంధ్రాలు కొట్టి, తాడుతో అల్లుకునేలా పంపండి. అప్పుడు ఒక దీపం నాలుగు సెంటీమీటర్ల మందంలో సర్దుకుంటుంది. పది దీపాలు 52, 32, 42 సెంటీమీటర్ల పెట్టెలో పడతాయి. ఆ పెట్టె లెక్క 14 కిలోలు. అంటే ఇంతకు ముందు ఒక్క దీపానికి పట్టిన చోటులోనే ఇంచుమించు పది దీపాలు వెళ్తాయి. దీపానికి పడే రవాణా 350 రూపాయలు.

అయితే దీనికీ హద్దులున్నాయి. తోలును చట్రానికి లాగి బిగించడం కళాకారుడి చేతి పని. అవతల ఎవరో దాన్ని వదులుగా అల్లితే పలక ముడతలు పడి కనిపిస్తుంది. కాబట్టి బొమ్మలతో అల్లిక విధానం చూపించే కాగితం ఒకటి పెట్టెలో వెయ్యాలి. అల్లే పని తనమీద పడుతుందని కొనేవాడికి ముందే చెప్పి ఒప్పించాలి. ఒప్పుకోకపోతే పెద్ద పెట్టె రవాణా ఖర్చు ఎంతో చూపించి, ఎంచుకోమనాలి. గుండ్రటి కుండలాంటి ఆకారాలకు ఈ కిటుకు పనిచెయ్యదు. పైకి సన్నబడే ఆకారాలైతే ఒకదానిలో ఒకటి దూర్చి పంపవచ్చు.

తేమ సంగతి మరవకూడదు. అనంతపురం పొడిగాలిలో బిగుతుగా ఉన్న ఈ తోలు, చెన్నై రేవులాంటి తేమ ఉన్నచోట నీరు పీల్చి మెత్తబడుతుంది, మళ్లీ ఆరేటప్పుడు అంచులు చుట్టుకుంటాయి. పలకకూ పలకకూ మధ్య బటర్ పేపరు, పెట్టెలో తేమ పీల్చే సిలికా పొట్లాలు, పైన ప్లాస్టిక్ తొడుగు ఉండాలి. ఈ ఖర్చులూ ప్యాకింగులో భాగమే. దీపానికి 60 రూపాయలు వేసుకుందాం. వంద దీపాలకు ముందు ఒక పెట్టెను దూరపు ఊళ్లో ఉన్న బంధువుకు పంపించి, విప్పి ఫొటో తీసి పంపమంటే లోపం ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఓడ చవకేనా?

'ఓడలో పంపితే చవక కదా' అంటారు. నిజమే, కానీ తక్కువ సరుకుకు కాదు. పదిమంది సరుకు కలిపి ఒకే కంటైనరులో పంపేటప్పుడు ఘనపు మీటరు లెక్కన వసూలు చేస్తారు. మీ సరుకు అంతకన్నా తక్కువున్నా సాధారణంగా ఒక ఘనపు మీటరుకు కట్టాల్సిందే. దానికి తోడు చెన్నై దాకా లారీ, కస్టమ్స్ ఏజెంటు, రేవు ఖర్చులు, కాగితాలు. ఇవి ఇరవై దీపాలకైనా, వందకైనా ఒకటే. అన్నీ కలిపి 30,000 రూపాయలు అనుకుంటే, విడదీసి కట్టిన వంద దీపాలకు తలా 300. ఇరవై దీపాలకైతే తలా 1,500! పైగా అవతలి రేవులో దించుకుని ఇంటికి చేర్చే ఖర్చు ఇందులో లేదు. ఇరవైకి కొరియరే మేలు. అందుకే ధర ఒక్కటి రాయకూడదు. 20కి ఇంత, 100కి ఇంత, 300కి ఇంత అని మెట్లుగా రాయాలి. లేకపోతే వంద ధర చూసి ఇరవై అడుగుతారు.

శాతాలు కలపడం కాదు, భాగించాలి

ఇప్పుడు అసలు ధర కడదాం. ఇంటి ధర 1,400, ప్యాకింగ్ 60, కొరియరు 350. మొత్తం 1,810. మధ్యవర్తి కమీషను, బ్యాంకు ఖర్చులు, దెబ్బతిన్న వాటికి బదులు పంపడం అన్నీ కలిపి అమ్మకం ధరలో 15 శాతం అనుకుందాం. చాలామంది 1,810కి 15 శాతం కలిపి 2,081 అంటారు. కానీ ఆ 15 శాతాన్ని కోసేది అమ్మకం ధర మీద. అందుకని 1,810ని 0.85తో భాగించాలి. 2,130 వస్తుంది. దీపానికి సుమారు 48 రూపాయల తేడా. వందకు నాలుగు వేల ఎనిమిది వందలు.

బేరం వచ్చేదీ ఇక్కడే. 'పది శాతం తగ్గించండి' అంటారు. వినడానికి చిన్నదే. 2,130లో పది శాతం 213. కొరియరు వాడు ఒక్క రూపాయి తగ్గించడు, అట్టపెట్టె దుకాణం వాడూ తగ్గించడు. కోత మొత్తం మీ 250 రూపాయల లాభం మీదే పడుతుంది. కమీషను కూడా కాస్త తగ్గుతుంది కాబట్టి చివరకు మిగిలేది దాదాపు 70 రూపాయలు. కాబట్టి కోట్‌లో సరుకు ధర ఒక వరుసలో, ప్యాకింగ్, రవాణా వేరే వరుసలో చూపించండి. బేరమాడితే మొదటి వరుస మీదే ఆడాలి.

సుంకం మాటేమిటి?

గుమ్మం దాకా చేర్చడం అంటే రెండు అర్థాలు. కొనేవాడి దేశంలో దిగుమతి సుంకం అతనే కట్టుకుంటే 'డీఏపీ'. సుంకం కూడా మీదే అయితే 'డీడీపీ'. ఒక్క అక్షరమే తేడా! 2025 ఆగస్టులో అమెరికా చాలా భారతీయ సరుకులపై అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అదే నెల చివర్లో, 800 డాలర్ల లోపు పార్శిళ్లకు ఉన్న సుంకం మినహాయింపునూ ఎత్తేసింది. అంతకు ముందు 'డీడీపీ' అని మాటిచ్చినవారి లెక్క ఒక్క నెలలో తలకిందులైంది. మీ చేతిలో లేని సుంకానికి మీరు హామీ ఇవ్వకండి.

రవాణా రేట్లూ అంతే. 2023 చివర్లో ఎర్రసముద్రంలో దాడులు మొదలయ్యాక ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లడంతో కిరాయిలు బాగా పెరిగాయి. కాబట్టి కోట్ చివర్లో రెండు వాక్యాలు తప్పక ఉండాలి. ఒకటి, 'ఈ ధర 30 రోజుల వరకే'. రెండోది, 'రవాణా ఖర్చు సరుకు పంపే రోజు రేటు ప్రకారం'.

కొనేవాడికి సొంత రవాణా ఏజెంటు ఉంటే ఇంకా సులువు. 'మా ఊరి నుంచి మీరే తీసుకెళ్లండి' అని 1,400కి ప్యాకింగు, బ్యాంకు ఖర్చులు మాత్రమే కలిపి చెప్పండి. బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్లి, అనంతపురం నుంచి వెళ్లే జాతీయ రహదారి మీదే తగులుతుంది. అక్కడి దాకా చేర్చి ఇచ్చే ధర చెప్పినా సరే. ఒకే దీపానికి ఈ మూడు ధరలూ పక్కపక్కన రాసి పంపండి. ఏ భారం ఎవరు మొయ్యాలో కొనేవాడే తేల్చుకుంటాడు, దానికి తగిన ధర మీ దగ్గర సిద్ధంగా ఉంటుంది.